అపోహలు - వాస్తవాలు: శాంపిల్ 30 దాటితే అంతా నార్మలేనా?

బీమా క్లెయిమ్‌ల లెక్కలు చూడటం నా పని. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లను సెంట్రల్ లిమిట్ థియరమ్ అంటే ఏమిటని అడిగితే, ఎక్కువమంది "డేటా ఎక్కువైతే నార్మల్ అవుతుంది, 30 ఉంటే చాలు" అంటారు. నార్మల్ అంటే విలువలు మధ్యలో ఎక్కువగా, రెండు కొసల్లో తక్కువగా పరుచుకునే గంట ఆకారపు పంపిణీ. వాళ్ల మాటలో రెండు ముక్కలూ తప్పే. ఈ తప్పులతో లెక్క వేస్తే ప్రీమియం దగ్గర దెబ్బ తగులుతుంది.

అపోహ: డేటా పెరిగేకొద్దీ దాని హిస్టోగ్రామ్ గంట ఆకారంలోకి వస్తుంది.

రాదు. ఒక చిన్న పాలసీ ఊహించుకోండి. ఏడాదిలో క్లెయిమ్ వచ్చే అవకాశం 100కి 1. వస్తే లక్ష రూపాయలు చెల్లిస్తాం, రాకపోతే సున్నా. పది లక్షల పాలసీల డేటా తెచ్చి హిస్టోగ్రామ్ గీసినా సున్నా దగ్గర ఒక పెద్ద కడ్డీ, లక్ష దగ్గర ఒక చిన్న కడ్డీ మాత్రమే కనిపిస్తాయి. డేటా పెరిగితే ఆ రెండు కడ్డీలూ ఇంకా కచ్చితంగా 99కి 1 నిష్పత్తిలోకి వస్తాయి, అంతే.

థియరమ్ మాట్లాడేది సగటు గురించి. 1000 పాలసీలు తీసుకుని సగటు చెల్లింపు లెక్కకట్టండి. మరో 1000 తీసుకుని మళ్లీ కట్టండి. ఇలా వేలసార్లు చేస్తే వచ్చే సగటులన్నింటినీ ఒక హిస్టోగ్రామ్‌లో పెడితే, అది గంటలా కనిపిస్తుంది. నిజ జీవితంలో మన దగ్గర ఉండేది ఒక్క శాంపిల్, ఒక్క సగటు. మిగతా సగటులు మనం చూడనివి. ఈ గందరగోళమంతా పుట్టేది ఇక్కడే.

సగటు అసలు విలువకు దగ్గరవుతుందని చెప్పేది వేరే సిద్ధాంతం, లా ఆఫ్ లార్జ్ నంబర్స్. దగ్గరయ్యే క్రమంలో మిగిలే తేడా ఏ ఆకారంలో ఉంటుందో చెప్పేది సెంట్రల్ లిమిట్ థియరమ్. n కొలతల సగటు తీస్తే ఆ తేడా √n వేగంతో చిన్నదవుతుంది. కాబట్టి దాన్ని √nతో గుణించి, కొలతలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ σతో భాగించి చూస్తాం. ఇక్కడ x̄ శాంపిల్ సగటు, μ అసలు సగటు:

`(x̄ − μ)·√n / σ`

కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై, ఒకే రకంగా వస్తూ, వాటి σ అనంతం కాకుండా ఉంటే, n పెరిగేకొద్దీ ఈ సంఖ్య పంపిణీ నార్మల్‌కు చేరువవుతుంది. థియరమ్ చెప్పేది ఇంతే. ఎంత n సరిపోతుందో అది చెప్పదు.

అపోహ: ప్రకృతిలో అన్నీ నార్మల్‌గానే ఉంటాయి కాబట్టి సగటులు కూడా నార్మల్ అవుతాయి.

కారణం ప్రకృతిలో లేదు, కూడికలో ఉంది. 1, 6 మాత్రమే పడే ఒక పాచిక తీసుకుందాం, రెండింటికీ సమాన అవకాశం. దీనికి మధ్య అనేదే లేదు, రెండు కొసలే ఉన్నాయి. దీన్ని పదిసార్లు వేసి సగటు తీయండి. మొత్తం 1024 రకాలుగా పడవచ్చు. సగటు 6 రావాలంటే పదిసార్లూ ఆరే పడాలి, అందుకు ఒక్క దారే ఉంది. సగటు 3.5 రావాలంటే ఐదుసార్లు 1, ఐదుసార్లు 6 పడాలి. వాటి వరుస ఏదైనా పర్వాలేదు కాబట్టి 252 దారులున్నాయి. మధ్యలో ఏమీ లేని పాచిక నుంచి మధ్యలో ఎత్తైన గుట్ట వచ్చింది. పెద్దవీ చిన్నవీ ఒకదాన్నొకటి సరిచేసుకునే దారులు ఎక్కువ, అన్నీ ఒకే వైపు లాగే దారులు తక్కువ.

మరి గుట్ట అంటే సరే, కచ్చితంగా ఆ గంట ఆకారమే ఎందుకు? మూల పంపిణీ ఒక పక్కకు ఎంత ఒరిగి ఉందో చెప్పే కొలత స్క్యూనెస్. n కొలతల సగటు తీస్తే అది √nతో భాగించబడుతుంది. ఆకారంలోని మిగతా సూక్ష్మ లక్షణాలు ఇంకా వేగంగా కరిగిపోతాయి. చివరికి మిగిలేది మధ్య ఎక్కడ, వెడల్పు ఎంత అన్న రెండు సంగతులే. ఇంకే ప్రత్యేకతా మిగలని ఆకారమే నార్మల్. నాణేల విషయంలో గణితవేత్త డీ మావ్ర్ దీన్ని 1733లోనే చూపించారు. 'సెంట్రల్' అన్న పేరు మరో గణితవేత్త జార్జ్ పోయా 1920లో పెట్టారు. గంట మధ్యభాగం అని కాదు, సంభావ్యత శాస్త్రానికి కేంద్రం వంటిదని ఆయన ఉద్దేశం.

అపోహ: n = 30 ఉంటే చాలు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. మన పాలసీకి అసలు సగటు ఖర్చు 1000 రూపాయలు. 30 పాలసీల శాంపిల్ తీస్తే వాటిలో ఒక్క క్లెయిమ్ కూడా ఉండకపోయే అవకాశం 0.99ను 30 సార్లు గుణిస్తే వస్తుంది, అంటే సుమారు 0.74. నూటికి 74 శాంపిళ్లలో సగటు సున్నా! మరో 22 శాంపిళ్లలో ఒకే క్లెయిమ్ ఉంటుంది, సగటు 3333. మధ్యలో ఏ విలువా రాదు. ఇక్కడ గంట ఎక్కడుంది?

```python
import numpy as np
rng = np.random.default_rng(1)
m = rng.binomial(30, 0.01, 10000) / 30 * 100000
print((m == 0).mean())
```

నడిపి చూడండి, 0.74 దగ్గర్లో వస్తుంది. ఇంకా టెన్షన్ పెట్టే విషయం ఏమిటంటే, ఆ 74 శాంపిళ్లలో స్టాండర్డ్ డీవియేషన్ కూడా సున్నానే. 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే నూటికి 95 సార్లు అసలు సగటును పట్టుకోవాల్సిన హద్దులు, వేస్తే 0 నుంచి 0 వస్తుంది. పేరుకు 95%, నిజంగా 1000 రూపాయలను పట్టుకునేది నూటికి 26 సార్లు మాత్రమే.

స్క్యూనెస్‌తో చూస్తే కారణం తెలుస్తుంది. ఒక పాలసీ స్క్యూనెస్ దాదాపు 9.85. √30తో భాగిస్తే 1.8 మిగులుతుంది, అది చాలా ఎక్కువ. 1000 పాలసీలకు సుమారు 0.3 అవుతుంది, ఇక్కడికి వచ్చేసరికి గంట పోలిక కనిపిస్తుంది. అప్పుడు సగటు 1000కి అటూ ఇటూ తిరుగుతుంది, దాని స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 315. అదే 1-6 పాచిక రెండు వైపులా సమానం కాబట్టి పది విసుర్లకే మంచి గుట్ట వచ్చింది. కాబట్టి ఇలాంటి డేటాలో నేను ముందు పాలసీలు లెక్కపెట్టను, క్లెయిమ్‌లు లెక్కపెడతాను. క్లెయిమ్‌లు పది కూడా లేకపోతే నార్మల్ మీద ఆధారపడను. పది దాటినా తోకల దగ్గర, అంటే వెయ్యిలో ఒక్కసారి వచ్చే నష్టం దగ్గర, నార్మల్ చెప్పే అంచనా తక్కువగానే ఉంటుంది.

అపోహ: n పెద్దదైతే మిగతా షరతులు పట్టించుకోనక్కర్లేదు.

σ అనంతమయ్యే పంపిణీలు ఉన్నాయి. కౌషీ పంపిణీ నుంచి లక్ష కొలతలు తీసి సగటు కట్టినా, ఆ సగటు ఒక్క కొలత ఎంత చెల్లాచెదురుగా ఉంటుందో అంతే ఉంటుంది. మా పనిలో అది అరుదు. ఎక్కువగా విరిగేది స్వతంత్రత అన్న షరతు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు, ఒకే వీధిలోని కార్లు వేర్వేరు ప్రమాదాలు కావు, ఒకే వరద.

మన ఉదాహరణలోనే 1000 పాలసీలు 20 చొప్పున 50 కాలనీల్లో ఉన్నాయనుకోండి. మునిగితే కాలనీలో ఇరవైకి ఇరవై క్లెయిమ్‌లూ వస్తాయి, లేకపోతే ఒక్కటీ రాదు. ఏ కాలనీ అయినా మునిగే అవకాశం 100కి 1. సగటు ఖర్చు ఇప్పటికీ 1000 రూపాయలే. కానీ స్వతంత్రంగా ఉన్నవి 50 ముక్కలే. 0.99ను 50 సార్లు గుణిస్తే 0.605. అంటే పదేళ్లలో ఆరేళ్లు చెల్లింపు సున్నా, మునిగిన ఏడాది కాలనీకి 20 లక్షల చొప్పున. అందుకే ఫైల్‌లో 1000 వరుసలు ఉన్నాయని తెలిసినా, ఆ పాలసీలు ఎక్కడెక్కడివో చూసేదాకా నేను √1000తో భాగించను.