పూట మానడమా, గరిటె తగ్గించడమా?

హనుమకొండలో ఏదో ఒక కార్యాలయంలో రోజంతా కుర్చీలో కూర్చొని పనిచేసే, 80 కిలోల బరువున్న నడివయసు ఉద్యోగిని ఊహించుకుందాం. బరువు తగ్గడానికి ఆయన ఉదయం టిఫిన్ మానేసి, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 గంటల లోపే తినాలని నిర్ణయించుకున్నారు. మూడు ఇడ్లీలు, చట్నీ కలిపి సుమారు 250 కేలరీలు మిగిలాయి. అయితే ఒంటిగంటకు ఆకలి మీద డబ్బా విప్పినప్పుడు అలవాటు కంటే 150 గ్రాముల అన్నం ఎక్కువ తింటే 200 కేలరీలు తిరిగి వచ్చేస్తాయి. సాయంత్రం చాయ్‌తో తినే సకినాలు ఎలాగూ ఆ ఎనిమిది గంటల్లోనే ఉన్నాయి కాబట్టి, వాటికి అడ్డేమీ లేదు.

ఇలా వేళలు పెట్టుకొని చేసే ఉపవాసంలో అసలు చిక్కు ఇదే. అమెరికాలో కేలరీల పరిమితి ఏదీ పెట్టకుండా, ఇదే 12–8 వేళలతో 12 వారాలు జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, ఆ వేళలు పాటించినవారు సగటున 0.94 కిలోలు, మూడు పూటలా తిన్నవారు 0.68 కిలోలు తగ్గారు. అంత చిన్న తేడాను ఉపవాసం ఫలితమని చెప్పడానికి వీల్లేదు. చైనాలోని గ్వాంగ్జౌలో 139 మందికి ఒకే రకమైన కేలరీల పరిమితి విధించి, సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. ఏడాది తర్వాత కూడా రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. బరువును తగ్గించేది తిండిలో కోతే గాని, గడియారం కాదు.

అదే ఉద్యోగి టిఫిన్ మానకుండా, రెండు పూటలా 300 గ్రాముల అన్నాన్ని 200కు తగ్గిస్తే 260 కేలరీలు, మూడు చాయ్‌లలో ఒక్కో చెంచా చక్కెర తగ్గిస్తే మరో 60 కేలరీలు మిగులుతాయి. ఒక కిలో కొవ్వుకు సుమారు 7700 కేలరీల లెక్కన నెలకు కిలోకు కాస్త ఎక్కువే తగ్గాలి, కానీ బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుంది కనుక ఆచరణలో అంతకంటే తక్కువే ఉంటుంది. కంచంలో ఖాళీ అయిన చోట పప్పు, కూరగాయలు పెరగకపోతే రాత్రి ఆకలి తట్టుకోవడం కష్టం. కూరలో నూనె పెరిగితే మాత్రం ఒక్క పెద్ద చెంచాకే 120 కేలరీలు తిరిగి వస్తాయి.

నా దృష్టిలో, రాత్రి పదింటి వరకు టీవీ ముందు ఏదో ఒకటి నములుతూ ఉండేవారికి మాత్రం రాత్రి 8 గంటల హద్దు నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే వారి అదనపు తిండి ఆ వేళలోనే ఉంది. షుగర్‌కు ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పూట మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యుడు మోతాదు సవరించకుండా మొదలుపెట్టకూడదు.

మొదటి వారంలో తగ్గేదానిలో నీరే ఎక్కువ. కాబట్టి ఉదయం పరగడుపున చూసుకున్న బరువుల వారపు సగటును, బొడ్డు దగ్గర నడుము కొలతను రాసుకోవాలి. నెల గడిచినా రెండూ కదలకపోతే అన్నం గిన్నెను, నూనె చెంచాను మళ్లీ తూచి చూడాలి.