ఇంటర్న్‌షిప్ రిపోర్టు, తడి ఇసుక: అపోహలు - వాస్తవాలు

సివిల్ ఫైనలియర్‌లో ఇంటర్న్‌షిప్ రిపోర్టులన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ముందు కంపెనీ పరిచయం, తర్వాత సిమెంటు రకాలు, ఆపైన హెల్మెట్ పెట్టుకుని తీయించుకున్న ఫోటోలు, చివర్లో ‘చాలా నేర్చుకున్నాను’. నా ఇంటర్న్‌షిప్ శ్రీకాకుళంలో, అరసవల్లి వైపు కడుతున్న రెండంతస్తుల ఇంటి దగ్గర జరిగింది. రిపోర్టులో సగానికి పైగా ఇసుక గురించే రాశాను. ఈ ఏడాది వెళ్లే జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి, సైటులోనూ కాలేజీలోనూ నాకు ఎదురైన అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్వాలిటీ చెక్ అంటే ల్యాబ్, మిషన్, సర్టిఫికెట్ ఉండాలి

అక్కర్లేదు. నేను వాడింది పక్కలు నిలువుగా ఉన్న ఒక పెయింట్ డబ్బా, స్టీలు స్కేలు, ఆరు మి.మీ. కడ్డీ ముక్క, బకెట్టు నీళ్లు. ఐఎస్ 2386 మూడో భాగంలో ఇసుక ఉబ్బును, అంటే మన పుస్తకాల్లోని బల్కింగ్‌ను కొలిచే పద్ధతి ఉంది. దానికి ఇంతకు మించి ఏమీ కావాల్సిన పని లేదు.

డబ్బాలో మూడింట రెండొంతుల దాకా తడి ఇసుకను వదులుగా పోసి, పైన చదును చేసి ఎత్తు కొలవాలి. ఆ ఇసుకను గింజ పోకుండా వేరే గిన్నెలోకి తీసి, డబ్బాలో సగానికి నీళ్లు పోయాలి. ఇసుకలో సగం తిరిగి వేసి కడ్డీతో కుమ్మి, మిగతాది వేసి మళ్లీ కుమ్మి చదును చేయాలి. ఇప్పుడు ఇసుక ఎత్తు ముందుకంటే తక్కువగా ఉంటుంది. మొదటి ఎత్తును రెండోదానితో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, నూటితో గుణిస్తే ఉబ్బు శాతం వస్తుంది. పావుగంటలో అయిపోతుంది.

అపోహ: తడి ఇసుక బరువెక్కువ, కాబట్టి కొలతలో ఇసుక ఎక్కువే పడుతుంది

మా మేస్త్రీ గారి మాట ఇదే. డబ్బా పట్టుకుని ఇసుక కుప్ప దగ్గర కూర్చున్న నన్ను చూసి, “ఏటి బావూ, తడిసిన ఇసక బరువెక్కువ కదా, తక్కువెలగవుద్ది?” అన్నారు. అంతే ఇసుక తడిస్తే బరువు పెరుగుతుందన్నది నిజమే. కానీ సైటులో ఇసుకను ఎవరూ తూకం వెయ్యరు, కొలత పెట్టెతోనో గమేళాతోనో పోస్తారు. కొలతలో చెమ్మ ఇసుక తక్కువ పడుతుంది. గింజ చుట్టూ పట్టిన పలచని నీటి పొర, దాని తలతన్యత వల్ల, గింజల్ని దగ్గరకు చేరనివ్వదు. మధ్యలో ఖాళీలు పెరిగి, అంతే ఇసుక ఎక్కువ చోటు తీసుకుంటుంది.

మా సైటు లెక్క చూడండి. స్లాబుకు ఎం20 నామినల్ మిక్స్, అంటే ఒకటి, ఒకటిన్నర, మూడు. ఐఎస్ 456 నామినల్ మిక్స్‌ను అనుమతించేది ఎం20 వరకే. యాభై కిలోల సిమెంటు బస్తా ఘనపరిమాణం దాదాపు 35 లీటర్లు. మా కొలత పెట్టె లోపలి కొలతలు 30, 30, 39 సెంటీమీటర్లు, అంటే 35 లీటర్ల పైచిలుకు. బస్తాకు ఇసుక ఒకటిన్నర పెట్టెలు, కంకర మూడు పెట్టెలు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

కుప్పను పారతో కోసిన చోట నుంచి ఇసుక తీసి చూస్తే డబ్బాలో 150 మి.మీ. ఉన్నది నీళ్లలో 120కి దిగింది. ఉబ్బు 25 శాతం. అంటే ఒకటిన్నర పెట్టెల చెమ్మ ఇసుక పోస్తే లోపల ఉన్న అసలు ఇసుక 1.2 పెట్టెలే. మిక్స్ ఒకటి, ఒకటిన్నర, మూడు కాకుండా ఒకటి, ఒకటింబావుకు కాస్త తక్కువ, మూడు అయిపోయింది. సరిచేయాలంటే ఒకటిన్నరను 1.25తో గుణించాలి, బస్తాకు 1.875 పెట్టెలు పోయాలి.

ఈ దశాంశాలు కూలీలకు చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు. అందుకని పెట్టె లోపల పెయింటుతో గీత గీశాం. మొదటి పెట్టె నిండుగా. రెండోది ఇంతకుముందు సగానికి, అంటే పందొమ్మిదిన్నర సెంటీమీటర్ల దాకా పోసేవారు, ఇప్పుడు 34 సెంటీమీటర్ల గీత దాకా. గీత ఎందుకు జరిగిందో చెప్పడానికి మేస్త్రీ గారి ముందే పరీక్ష ఇంకోసారి చేసి చూపించాల్సి వచ్చింది. డబ్బాలో ఇసుక కిందికి దిగడం కళ్లతో చూశాక ఇక వాదన లేదు.

అపోహ: ఇసుక తగ్గితే సిమెంటు వాటా పెరుగుతుంది, ఇంకా గట్టిగానే ఉంటుంది కదా

ఇది మా క్లాసులోనే విన్నాను, పూర్తిగా తప్పు అనలేం. నీళ్లు పెరగకపోతే బలం తగ్గాల్సిన పని లేదు. గొడవ అంతా నీళ్లు పెరగడంతోనే వస్తుంది. ఇసుక తక్కువైన కాంక్రీటు గరుకుగా, రాయి రాయిగా ఉంటుంది. తాపీ లాగితే కంకర పైకి తేలుతుంది, బీము అడుగున కడ్డీల మధ్యకు దిగదు. అది చూసిన మిల్లర్ దగ్గరి మనిషి చేసేది ఒకటే, ఇంకో మగ్గు నీళ్లు పోస్తాడు. బస్తాకు నీళ్లు 28 లీటర్ల నుంచి 33కి పోతే నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.56 నుంచి 0.66కి చేరుతుంది. బలం పడిపోయేది అక్కడ.

ఇంటి యజమానికి డబ్బు నష్టం కూడా ఉంది. నేను వేసిన లెక్క ప్రకారం సరైన ఇసుకతో బస్తాకు సుమారు 132 లీటర్ల కాంక్రీటు వస్తుంది, ఇసుక తగ్గితే 126 దగ్గర ఆగుతుంది. పది ఘనమీటర్ల స్లాబుకు మూడు నాలుగు బస్తాలు అదనంగా పోతాయి. ‘అంచనాకు మించి సిమెంటు ఎందుకయింది’ అని యజమాని అడిగితే సైటులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఇలాంటప్పుడే.

అపోహ: ఎంత తడిస్తే అంత ఉబ్బుతుంది

జూన్‌లో మాకు సాయంత్రం గాలివాన, పొద్దున్నే మాడ్చే ఎండ. వాన పడిన మర్నాడు ఒకే కుప్పలో మూడు చోట్ల చూశాను. ఎండకు ఆరిన పైభాగంలో 150 మి.మీ. 138కి దిగింది, అంటే 9 శాతం లోపే. మధ్యలో 25 శాతం. నీళ్లు ఊరి కారుతున్న కుప్ప అడుగున 150 కాస్తా 143 అయింది, 5 శాతం. అన్నిటికంటే తడిగా ఉన్న చోటే ఉబ్బు అన్నిటికంటే తక్కువ.

కారణం సులువే. నాలుగు నుంచి ఆరు శాతం చెమ్మ దగ్గర ఉబ్బు పతాకస్థాయికి వెళ్తుంది. నీళ్లు ఇంకా పెరిగితే గింజల చుట్టూ ఉన్న పొరలు కలిసిపోయి, గింజలు మళ్లీ దగ్గరకు జారతాయి. పూర్తిగా మునిగిన ఇసుక ఘనపరిమాణం దాదాపు పొడి ఇసుకదే. డబ్బాలో నీళ్లు పోసి కొలవడం వెనకున్న సంగతి ఇదే. సన్న ఇసుక ముతకదానికంటే ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి నాగావళి ఇసుకకు వచ్చిన అంకెను ఇంకో రేవు ఇసుకకు వాడకూడదు.

అందుకే ‘సైటులో బల్కింగ్ 25 శాతం’ అని రిపోర్టులో ఒకే అంకె రాస్తే దానికి అర్థం లేదు. ఎప్పుడు, కుప్పలో ఎక్కడ, వాన పడ్డాక ఎంతసేపటికి అన్నది పక్కనే ఉండాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే కోత దగ్గర మళ్లీ చూస్తే 150 మి.మీ. 125కి దిగింది. 20 శాతం. గీత 34 నుంచి 31 సెంటీమీటర్లకు దించాం.

అపోహ: ఇసుక పెంచితే సరి, నీళ్లు మామూలే

చెమ్మ ఇసుకతో పాటు నీళ్లు కూడా మిల్లర్‌లోకి వెళ్తాయి. కిలో ఇసుకను ఇనుప పెనం మీద వేయించి మళ్లీ తూచాను, 952 గ్రాములు వచ్చింది. చెమ్మ సుమారు 5 శాతం. ఒకటిన్నర పెట్టెల పొడి ఇసుక బరువు దాదాపు 79 కిలోలు, కాబట్టి బస్తాకు దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు ఇసుకలోనే ఉన్నాయి. అందులో కొంత గింజే పీల్చుకుంటుంది కాబట్టి మూడు లీటర్లు తీసేయడం సబబు. ఎం20 నామినల్ మిక్స్‌కు ఐఎస్ 456 ఇచ్చిన పైహద్దు బస్తాకు 30 లీటర్లు. అంటే పైనుంచి పోసేది 27 దాటకూడదు. ఇసుక సరిపడా ఉంటే ఆ నీళ్లతోనే తాపీ కింద కాంక్రీటు సాఫీగా కదిలింది.

అపోహ: మట్టి 3 శాతం దాటితే ఇసుక ఫెయిల్, సీసా పరీక్ష అదే చెప్తుంది

రెండు వేర్వేరు హద్దుల్ని కలిపేయడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. ఐఎస్ 383లో నది ఇసుకకు ఉన్న 3 శాతం బరువు లెక్క, 75 మైక్రాన్ల జల్లెడ మీద కడిగి తేల్చేది. సైటులో ఉప్పు నీళ్లతో కుదిపి, పేరుకున్న మట్టి పొరను కొలిచేది ఘనపరిమాణం లెక్క. దానికి సీపీడబ్ల్యూడీ హద్దు 8 శాతం. మట్టి నీళ్లలో గుల్లగా పేరుకుంటుంది కాబట్టి దాని ఎత్తు బరువుకంటే ఎక్కువ చూపిస్తుంది. మా సీసాలో 94 మి.లీ. ఇసుక మీద 5 మి.లీ. మట్టి, అంటే 5 శాతం పైచిలుకు. 3తో పోల్చి లారీ వెనక్కి పంపమనడం అన్యాయం.

అపోహ: చెక్ చేశావంటే లోపానికి కారణం కనిపెట్టినట్టే

మా సైటులో ఒక కాలమ్ అడుగున తేనెపట్టులా ఖాళీలు ఉన్నాయి. నేను చేరక ముందు పోసిన కాలమ్ అది. నా ఇసుక అంకెలు చూపించి ‘ఇదిగో కారణం’ అని రాయొచ్చు, చదివేవాళ్లు నమ్ముతారు కూడా. కానీ ఆ రోజు ఇసుక చెమ్మ ఎంతో ఎవరూ కొలవలేదు. సెంట్రింగ్ పలకల సందుల్లోంచి సిమెంటు పాలు కారినా, పైనుంచి ఎత్తుగా పోసినా, వైబ్రేటర్ అడుగుదాకా దిగకపోయినా అలాంటి ఖాళీలే వస్తాయి. కాబట్టి ఫోటో, కాలమ్ నంబరు, ఖాళీ లోతు రాసి, కారణం దగ్గర ఈ నాలుగూ రాసి ఆపేశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఎక్కువసేపు అడిగింది ఆ పేజీ గురించే.