కిటికీ వెలుతురు, రెండు బల్బులు, ఒక సంభాషణ

పగటిపూట హాల్లో టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని అక్కాతమ్ముడు మాట్లాడుకునే సీను. ఉన్నది ఒక కిటికీ, రెండు చవక టేబుల్ ల్యాంపులు. చాలామంది మొదట చేసే పని రెండు ల్యాంపులనూ ముఖాల మీదికి తిప్పడం. అది ఎందుకు కుదరదో లెక్క చూస్తే తెలుస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. షేడ్ లేకుండా మీటరు దూరంలో ముఖం మీద పడే వెలుతురు 70 లక్స్ మాత్రమే. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పగలు 800 లక్స్ ఉండటం మామూలే. ల్యాంపు దానితో పోటీ పడలేదు.

అందుకని ముఖాల పని కిటికీకే వదిలేయాలి. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం తర్వాత షూట్ పెట్టుకుంటే ఎండ చారలు రావు. ఇద్దరికీ కిటికీ ఒకే పక్కన ఉండేలా టేబుల్ వేసి, కెమెరాను కిటికీకి ఎదుటి వైపు ఉంచండి. కెమెరా వైపు చెంప కాస్త నీడలో పడి ముఖానికి లోతు వస్తుంది. వైడ్ షాట్‌లో మాత్రం కిటికీ ఫ్రేములోకి వచ్చి మనుషులు నల్లబడతారు. అది తప్పుకునేదాకా కెమెరాను టేబుల్ చివరికి జరపాలి.

నీడ మరీ ముదిరితే ల్యాంపు వద్దు, కెమెరా పక్కన తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. అది కిటికీ వెలుతురునే తిప్పి కొడుతుంది కాబట్టి రంగు దాదాపు అదే. మబ్బు పట్టినప్పుడు కిటికీతో పాటే అదీ తగ్గుతుంది, వెలుగునీడల తేడా చెడదు. ల్యాంపుకి ఈ గుణం లేదు.

మరి ల్యాంపులెందుకు? మొదటిది ఫ్రేములో, వెనక గోడ దగ్గర. అందులో 2700K పసుపు బల్బు పెట్టి, కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుతురుకి సరిపడే 5600Kకి లాక్ చేస్తే గోడ వెచ్చని నారింజకు తిరిగి మనుషులు వెనక నుంచి విడివడి కనిపిస్తారు. ఆటోలో వదిలితే షాట్ షాట్‌కీ చర్మం రంగు మారుతుంది. బల్బు తెల్లటి ముద్దలా కనిపిస్తే 3 వాట్లది వేయండి. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయడం మరవొద్దు, చర్మానికి ఆకుపచ్చ ఛాయ తెచ్చేది తరచూ అదే.

రెండోది పొద్దు వాలేటప్పటి కోసం. 6500K తెల్ల బల్బు వేసి, కిటికీ ఉన్న వైపు నుంచే, తెల్ల పంచె అడ్డుపెట్టి, ముఖానికి వీలైనంత దగ్గరగా ఉంచాలి. అడ్డు లేకుండా 60 సెంటీమీటర్లలో ఆ బల్బు 200 లక్స్ దాకా ఇస్తుంది, గుడ్డ అందులో కొంత తినేస్తుంది. క్లోజప్‌కి సరిపోతుంది, వైడ్‌కి చాలదు. కాబట్టి వైడ్ ముందు తీసేయండి. ఆపైన కూడా అక్క క్లోజప్‌లన్నీ పూర్తయ్యాక తమ్ముడివి అనుకోకుండా, ఒక్కో ముఖ్యమైన మాటకి ఇద్దరివీ వెంటవెంటనే తీస్తే ఎడిటింగ్‌లో వెలుతురు అతుకుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక బల్బుల మినుకు ఫ్రేములో చారలుగా పడకుండా షట్టర్ 1/50 దగ్గరే ఉంచండి. అయినా చవక ఎల్‌ఈడీ ఫ్రేములో చారలు పాకిస్తే ఆ బల్బును మార్చేయడమే.