ఒకే ఊరి చెరువు, నాలుగు లెక్కలు

మా అనంతపురం సైడు ఏ ఊర్లో అడిగినా ఒక చెరువు, నాలుగైదు కుంటలు ఉంటాయి, వాటిని లెక్కపెట్టడం ఏమంత కష్టం అనిపిస్తుంది గానీ ఎవరు లెక్కపెట్టారన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది.

ఒక ఊరు అనుకుందాం. చెరువు నిండి మరవ పారేటప్పుడు నీళ్లు 60 హెక్టార్లలో పరుచుకుంటాయి, చుట్టూ ఐదు కుంటలు, ఒక్కోటి అర హెక్టారు. అంటే అసలు విస్తీర్ణం 62.5 హెక్టార్లు.

ఇస్రో వాళ్లు 2006-07 శాటిలైట్ బొమ్మలతో దేశమంతా చిత్తడి నేలల అట్లాస్ చేశారు, చెరువులు, కుంటలు కూడా అందులో చిత్తడి నేలల కిందే వస్తాయి. మ్యాపు స్కేలు 1:50,000, అందులో 3 మిల్లీమీటర్ల గడి అంటే నేల మీద 150 మీటర్లు, కాబట్టి 2.25 హెక్టార్ల కంటే చిన్నవాటికి గట్టు గీత గీయకుండా చుక్క పెట్టి వదిలేశారు. కారణం ఉంది లెండి, ఆ కెమెరాకి ఒక పిక్సెల్ 23.5 మీటర్లు, మన అర హెక్టారు కుంట అటు మూడు ఇటు మూడు పిక్సెళ్లే వస్తుంది, అంచున ఉన్నవాటిలో గట్టు, కంపచెట్లు కలిసిపోయి మధ్యలో ఒక్కటే పక్కా నీళ్లుగా మిగులుతుంది. తమాషా ఏంటంటే విస్తీర్ణం కూడేటప్పుడు ఒక్కో చుక్కని ఒక హెక్టారు కింద వేసుకున్నారు. మన కుంటలు రెండున్నర హెక్టార్లే అయినా అక్కడ ఐదు అయిపోయి, ఊరు మొత్తం 65కి చేరుతుంది. దేశంలో గట్టు గీసినవి 2,01,503 అయితే చుక్కలు 5,55,557, ఆ చుక్కల్ని కలుపుతారా వదిలేస్తారా అన్నదాంతోనే సంఖ్య మూడింతలు పైన తేడా వస్తుంది.

ఎండాకాలం సంగతి వేరే. మే నెలలో చెరువు ఎండి రెండు మడుగులుగా చీలి 10 హెక్టార్లే మిగిలిందనుకోండి, గట్టు హద్దు ప్రకారం అది ఇంకా ఒకే చెరువు, 60 హెక్టార్లే. కనిపించే నీళ్లనే కొలిస్తే 10, ముక్కలు లెక్కపెడితే రెండు చెరువులు! అందుకే అట్లాస్‌లో వానలకి ముందు, తర్వాత నీళ్లని విడిగా ఇచ్చారు, కానీ చెరువు కడుపులో కంపచెట్లు కమ్ముకుంటే కింద నీళ్లున్నా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది.

2023లో బయటికొచ్చిన నీటి వనరుల సెన్సస్‌లో అయితే మనుషులు ఊరూరా తిరిగి రాసుకున్నారు, చిన్న కుంటలు కూడా ఎక్కాయి, దేశంలో 24,24,540 అని తేలింది. మన ఊరివి ఆరూ అందులో వస్తాయి.

ఇక కేంద్రం తెచ్చిన 2017 చిత్తడి నేలల రూల్స్ చూస్తే, సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టినవి చిత్తడి నేలలు కావు, వరి మళ్లు కూడా కావు. మన చెరువూ కుంటలూ అన్నీ సాగు కోసం కట్టినవే కాబట్టి ఊరి మొత్తం సున్నా. చిత్తడి నేలల కోసం దేశాలన్నీ కలిసి చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం నిర్వచనంలో మాత్రం మనుషులు కట్టినవీ, కొన్నాళ్లే నీళ్లుండేవీ వస్తాయి, చెరువు కింద ఆయకట్టులో వరి నాటితే ఆ మళ్లు కూడా కలిసి విస్తీర్ణం 62.5 దాటిపోతుంది.