పోలిక పట్టికలో అన్ని టిక్కులూ మనకేనా? అపోహలు - వాస్తవాలు

చిన్న, మధ్యతరగతి వ్యాపారాలకు జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు పోటీదారుతో పోల్చే పట్టిక రాసేటప్పుడు ఎక్కువగా తడబడే చోట్లు ఇవి.

అపోహ: మన వరుసంతా టిక్కులు, వాళ్ళ వరుసంతా ఇంటూలు ఉంటే గట్టిగా అమ్ముడవుతుంది.

వాస్తవం: ఆ పట్టిక చివరికి చేరేది షాపు అకౌంటెంటు దగ్గరికి. చాలాసార్లు ఆయన పోటీ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ళ తరబడి వాడుతున్న మనిషే. ఒక్క ఇంటూ తప్పని తెలిస్తే మిగతా గడులన్నీ ఆయన నమ్మడం మానేస్తాడు. అడ్డ వరుసల్లో ఏముండాలో మన ఫీచర్ల జాబితా చూసి తేల్చకండి. ఇటీవలి పది పదిహేను డెమోల్లో కొనేవాళ్ళు ఏం అడిగారో రాసుకుని, ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలనే వరుసలు చేయండి. అలా చేస్తే పోటీదారు గెలిచే వరుసలు రెండు మూడు తప్పక వస్తాయి. వాటిని తీసేయకండి. ఇంటర్‌నెట్ లేకున్నా బిల్లు కొట్టగలగడం వాళ్ళ బలమైతే ఆ మాటే రాయండి. నెట్ సరిగా లేని ఊళ్ళో షాపువాడు ఎలాగూ వారం తిరక్కుండానే మనల్ని వదిలేస్తాడు.

అపోహ: "ఉంది", "లేదు" అంటే చాలు.

వాస్తవం: అసలు గొడవంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. "ఈ-ఇన్‌వాయిస్ ఉంది" అనే గడినే చూడండి. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఇది తప్పనిసరి కాబట్టి అందరూ టిక్కే పెడతారు. కానీ ఒక సాఫ్ట్‌వేర్ జేసన్ ఫైలు తయారు చేసి వదిలేస్తుంది. దాన్ని ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో ఎక్కించడం, 64 అక్షరాల ఐఆర్‌ఎన్ అనే బిల్లు గుర్తింపు సంఖ్య, క్యూఆర్ కోడ్ తెచ్చి బిల్లుకు జోడించడం గుమాస్తా పని. ఇంకోటి బిల్లు సేవ్ చేయగానే ఇవన్నీ తనే తెచ్చుకుంటుంది. రెండూ "ఉంది" కిందికే వస్తాయి, పని మాత్రం ఒకటి కాదు.

అందుకే గడిలో టిక్కు బదులు పని రాయండి: "20 బిల్లులకు ఐఆర్‌ఎన్ తేవడానికి ఎన్ని అడుగులు, ఎన్ని నిమిషాలు". ఒకే 20 బిల్లులు, ఒకే కంప్యూటరు, ఒకే నెట్ మీద రెండింటిలో చేసి చూడండి. ఐఆర్‌ఎన్ రద్దుకు పోర్టల్ ఇచ్చే గడువు 24 గంటలు. ఆ రద్దు సాఫ్ట్‌వేర్‌లోంచే అవుతుందా, పోర్టల్‌కు వెళ్ళాలా అన్నది ఇంకో వరుస చేయండి. డెమోలో ఎవరూ చూపించరు గానీ, తప్పు బిల్లు కొట్టిన రోజున కావాల్సింది అదే.

ట్రయల్ కాపీలో కనిపించనంత మాత్రాన "లేదు" అనకండి. పై ప్లాన్‌లో ఉండొచ్చు. "ఫలానా ప్లాన్‌లో మాకు కనిపించలేదు" అని రాస్తే నిజమూ చెప్పినట్టే, రేపు వివాదం వచ్చినా నిలబడుతుంది.

అపోహ: ధర వరుసలో దాచేదేముంది, అంకెలే కదా.

వాస్తవం: అంకెలతోనే ఎక్కువ మోసం జరుగుతుంది. ఒక ఊహా లెక్క తీసుకుందాం. మనది ఏడాదికి 9,000 చందా. వాళ్ళది ఒకసారి 22,500 లైసెన్సు, రెండో ఏడు నుంచి ఏటా 4,500 రెన్యువల్.

మూడేళ్ళకు మనది 27,000, వాళ్ళది 31,500. నాలుగేళ్ళకు రెండూ 36,000. ఐదేళ్ళకు మనది 45,000, వాళ్ళది 40,500. "మూడేళ్ళ ఖర్చు" అని ఒకే వరుస పెడితే ప్రతి అంకె నిజమే, పట్టిక మాత్రం అబద్ధం. మూడు, ఐదేళ్ళ లెక్కలు రెండూ పెట్టి, నాలుగో ఏట సమానమవుతుందని కింద రాయండి. వాడేవాళ్ళ సంఖ్య రెండు వైపులా ఒకటే ఉండాలి. జీఎస్టీ కలిపితే ఇద్దరికీ కలపండి, తీస్తే ఇద్దరికీ తీయండి. పాత డేటా ఎక్కించే ఖర్చు మనం వేరుగా తీసుకుంటుంటే అదీ మన గడిలో చేరాలి. చాలామంది మర్చిపోయేది (లేదా మర్చిపోయినట్టు నటించేది) ఇదే.

అపోహ: పోటీదారు పేరు రాస్తే కేసు పడుతుంది, "బ్రాండ్ ఎక్స్" అంటే క్షేమం.

వాస్తవం: పేరు రాయడమే నేరం కాదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 29(8), 30(1) సెక్షన్లు చూసేది ఆ వాడకం నిజాయితీగా ఉందా, అన్యాయంగా లాభం పొందుతున్నామా, ఆ మార్కు పరువు తీస్తున్నామా అని. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ నియమావళి కూడా పోలికను ఒప్పుకుంటుంది. అయితే పోల్చే అంశాన్ని మనకు కృత్రిమంగా అనుకూలించేలా ఎంచుకోకూడదు, చెప్పింది రుజువు చేయగలగాలి. పై మూడేళ్ళ లెక్క తగిలేది సరిగ్గా అక్కడే. పేరు దాచినా, స్క్రీన్ రంగులు చూసి కొనేవాడు అది ఎవరిదో గుర్తుపట్టేస్తాడనుకోండి, ముసుగు వల్ల ఒరిగేదేమీ లేదు. "పాతకాలపు", "నత్తనడక" లాంటి మాటలు తీసేసి కొలిచిన నిమిషాలు రాయండి.

అపోహ: ఒకసారి రాస్తే ఏడాది నడుస్తుంది.

వాస్తవం: పట్టిక అడుగున రెండు సాఫ్ట్‌వేర్ల వెర్షన్, ప్లాన్ పేరు, చూసిన తేదీ ఉండాలి. ప్రతి గడికీ ఒక స్క్రీన్‌షాట్, ధరల పేజీ కాపీ తేదీతో ఫోల్డర్‌లో దాచండి. మూడు నెలలకోసారి, పోటీదారు కొత్త వెర్షన్ వదిలిన ప్రతిసారీ మళ్ళీ చూడండి. తప్పు చూపించడానికి ఒక ఈమెయిల్ చిరునామా కూడా ఇవ్వండి. మొదటి ఉత్తరం బహుశా పోటీదారు నుంచే వస్తుంది. వాళ్ళు చెప్పింది నిజమైతే ఆ రోజే గడి దిద్ది, తేదీ మార్చండి.