బియ్యంలో ఆర్సెనిక్: ఆమ్లంలో కరిగించేటప్పుడు ఎక్కడ పోతుంది?

కిలో బియ్యంలో 0.2 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుందాం. పరీక్షకు తీసుకునే అర గ్రాము పిండిలో ఉండేది 0.1 మైక్రోగ్రామే. దాన్ని కరిగించి 50 మి.లీ. చేస్తే లీటరుకు 2 మైక్రోగ్రాములు. ఇంత తక్కువ మోతాదులో పాత్ర గోడల నుంచి, ఆమ్లం నుంచి వచ్చే కల్తీ కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. అందుకే పిండి లేకుండా, మిగతా అంతా అదే పద్ధతిలో చేసిన ఖాళీ నమూనా, అంటే బ్లాంక్, ప్రతి విడతలోనూ ఉండాలి.

తెరిచిన బీకరులో హాట్ ప్లేట్ మీద కాస్తే ప్రమాదం రెండు చోట్ల ఉంది. నైట్రిక్ ఆమ్లం ఇగిరిపోయి పిండి మాడితే, ఆ బొగ్గు ఆర్సెనిక్‌ను ఆవిరయ్యే రూపాల్లోకి మారుస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే ఆర్సెనిక్ ట్రైక్లోరైడ్ ఏర్పడవచ్చు. అది 130 డిగ్రీలకే మరుగుతుంది.

కాబట్టి మూత బిగించే టెఫ్లాన్ పాత్ర, మైక్రోవేవ్ డైజెస్టర్ మేలు. పాత్రను ముందురోజు రాత్రి 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి శుద్ధజలంతో కడగాలి. అర గ్రాము పిండికి 7 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం, 1 మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. మూత బిగించకముందే అరగంట వదిలేస్తే తొలి నురగ, వాయువులు బయటికి పోతాయి. తరువాత 20 నిమిషాల్లో 180 డిగ్రీలకు పెంచి, మరో 20 నిమిషాలు అక్కడే నిలపాలి. బాగా చల్లారాకే, ఫ్యూమ్ హుడ్‌లో మూత తీయాలి. వేడి చేయకముందు, చల్లారాక పాత్రను తూచండి. లోపలున్న నమూనా, ఆమ్లాల బరువులో 1 శాతం కంటే ఎక్కువ తగ్గితే మూత కారిందని అర్థం, ఆ నమూనాను పారేయాలి. ఊక, గడ్డి అయితే సిలికా అడుగున మిగులుతుంది. దాన్ని కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడితే గాజు పాత్ర పనికిరాదు, అది గాజునే తినేస్తుంది.

అన్నీ సరిగా చేసినా ఒక నష్టం మిగులుతుంది, అది ఆవిరయ్యేది కాదు. బియ్యంలోని ఆర్సెనిక్‌లో కొంత డైమిథైల్ ఆర్సినిక్ ఆమ్లంగా, అంటే కార్బన్‌తో బంధం ఉన్న రూపంలో, ఉంటుంది. 180 డిగ్రీల నైట్రిక్ ఆమ్లం దాన్ని పూర్తిగా విడగొట్టలేదు. నమూనాను అతి వేడి ప్లాస్మాలోకి పంపి పరమాణువుల బరువును బట్టి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో కొలిస్తే ఇబ్బంది లేదు, ప్లాస్మా అన్ని రూపాల్నీ పరమాణువులుగా మారుస్తుంది. ఆర్సెనిక్‌ను హైడ్రైడ్ వాయువుగా మార్చి కొలిచే హైడ్రైడ్ పద్ధతిలో మాత్రం ఈ భాగం సరిగా కొలతలోకి రాదు. అప్పుడు నమూనాను మెగ్నీషియం నైట్రేట్‌తో కలిపి సుమారు 450 డిగ్రీల దగ్గర బూడిద చేసి ఆ అణువును విరగ్గొట్టాలి. ఆ లవణం లేకుండా బూడిద చేస్తే ఆర్సెనిక్ ఎగిరిపోతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. నమూనాకు ముందే కార్బన్‌తో బంధం లేని ఇనార్గానిక్ ఆర్సెనిక్‌ను తెలిసిన మోతాదులో కలిపి, అది 98 శాతం తిరిగొచ్చిందని తృప్తిపడతారు. ఆ పరీక్ష డైమిథైల్ రూపం గురించి ఏమీ చెప్పదు. దానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ విలువలు ధ్రువీకరించి ఇచ్చే 1568బి బియ్యప్పిండి కావాలి. అందులో కిలోకు 0.285 మిల్లీగ్రాముల మొత్తం ఆర్సెనిక్, అందులో 0.180 ఈ డైమిథైల్ రూపమే. అర గ్రాముకు 50 మి.లీ. చేస్తే లీటరుకు 2.85 మైక్రోగ్రాములు రావాలి. హైడ్రైడ్ పద్ధతిలో అది 1కి కాస్త పైన ఆగిపోతే, తప్పు మూతలో కాదు, విడగొట్టడంలో ఉంది.