పాత కుట్టు మిషన్‌కి సూది: పేరు చూసి కాదు, షటిల్ చూసి కొనండి (అపోహలు - వాస్తవాలు)

పర్లాకిమిడిలో కుట్టు మిషన్లు బాగుచేయడం నా పని. గుణుపూర్, కాశీనగర్ నుంచి, అటు పాతపట్నం నుంచి కూడా పాత మిషన్లు వస్తుంటాయి. ఈమధ్య మిషన్ కంటే ముందు ఫోన్‌లో ఫోటో వస్తోంది. ఆ ఫోటోలో ఏముంటుందో చూడకుండానే చెప్పగలను: మిషన్ మెడ మీద బంగారు అక్షరాల్లో రాసిన పేరు. సగం చెరిగిపోయి ఉంటుంది, కింద "ఇది ఏ కంపెనీ, దీనికి సూది ఎక్కడ దొరుకుతుంది" అని ప్రశ్న ఉంటుంది.

అపోహ: కంపెనీ పేరు తెలిస్తే సూది తెలిసిపోతుంది.

తెలియదు. ఒకే కంపెనీ వేర్వేరు సూదులు పట్టే మిషన్లు చేసింది, వేర్వేరు కంపెనీలు ఒకే సూది పట్టే మిషన్లు చేశాయి. మన ఇళ్లలో ఉన్న నల్ల మిషన్లలో చాలావాటి లోపలి అమరిక సింగర్ కంపెనీ పదిహేనో క్లాసు మోడల్‌ది. లూధియానాలో విడిభాగాలు చేసి, ఎవరికి వాళ్లు పైన తమ పేరు అంటించి అమ్మిన మిషన్లు లెక్కలేనన్ని. పైగా ఆ బంగారు అక్షరాలు స్టిక్కర్లే. రంగు వేయించినప్పుడు కొత్తవి అంటిస్తారు, ఏది చేతికి దొరికితే అది. కాబట్టి ఆ పేరును ఆధార్ కార్డులా నమ్మకండి.

బరంపురంలో చదువుకుంటున్న ఒక అమ్మాయి కాశీనగర్‌లో ఉన్న వాళ్ల అమ్మమ్మ మిషన్ గురించి ఇలాగే ఫోటో పంపింది. చేత్తో తిప్పే మిషన్, కింద చెక్క పెట్టె, పైన పూర్తి పేరు లేదు, చివరి రెండు అక్షరాల మెరుపు మాత్రమే. "మావయ్యా, ఇది సింగరే అంటుంది అమ్మమ్మ, వాళ్ల నాన్నగారు బర్మా రంగం నుంచి తెచ్చారట, కానీ బజారులో అందరూ దీనికి సూది లేదంటున్నారు" అని రాసింది. నేను పేరు సంగతి పక్కన పెట్టి వేరే ఫోటోలు అడిగాను. సూది పక్కన మిషన్ అడుగు పలక మీద జరిగే మూత ఉంటుంది, దాన్ని పక్కకు లాగి లోపల కింది దారాన్ని మోసే షటిల్‌ది ఒకటి. సూది తీసేసి, సూది బిగించే చోటుది దగ్గరగా ఒకటి. చక్రం వైపు, పలక మీద కొట్టిన నంబరుది ఒకటి. బాబిన్‌కి దారం చుట్టే చక్రం ఎక్కడుందో కనపడేలా పక్కనుంచి ఒకటి.

మొదట నంబరు ఫోటో మసకగా వచ్చింది. ఎనభై తొంభై ఏళ్ల నూనె, దుమ్ము ఆ అంకెల్లో గట్టిపడి ఉంటాయి. ఇక్కడ చాలామంది చేసే పని గరుకు కాగితంతో రుద్దడం, లేదా స్పిరిట్‌తో తుడవడం. రెండూ వద్దు. పాత మిషన్ల మీద పూత లక్కది, స్పిరిట్ తగిలితే కరిగి తెల్లగా మచ్చ కడుతుంది, పూలూ అక్షరాలూ దానితో పాటే పోతాయి. దూదికి కుట్టు మిషన్ నూనె రాసి మెల్లగా తుడవాలి. నూనెను పొడి గుడ్డతో ఒత్తేశాక అంకెల్లోకి కాస్త టాల్కం పౌడర్ రుద్ది, పైపైన తుడిచేసి, గదిలో లైటు ఆర్పి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి ఫోటో తీయాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే మెరుపు తప్ప ఏమీ రాదు. ఆ అమ్మాయి అలాగే చేసింది. ముందు వై అనే ఇంగ్లీషు అక్షరం, తర్వాత అంకెలు, స్పష్టంగా వచ్చాయి.

అపోహ: నంబరు ఉంటే మిషన్ చరిత్రంతా తెలిసిపోతుంది.

కొంత తెలుస్తుంది. సింగర్ నంబర్లలో వై అక్షరం స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, అదీ 1920లు, 30ల నాటిది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అంటే పేరు చెరిగిపోయినా ఇది సింగరే అని నంబరు చెప్పింది, అమ్మమ్మ మాట నిలబడింది. మరి రంగంలో కొన్నదేనా? నంబరు అది చెప్పదు. మిషన్ ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో తెలుస్తుంది గాని ఏ ఊళ్లో ఎవరు కొన్నారో తెలియదు. మన వైపు నుంచి ఎంతోమంది రంగం వెళ్లినవాళ్లే, 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు, కాబట్టి తారీఖులు ఆ కథకు అడ్డం రావు. అంతవరకే. దానికి రసీదో, పెట్టెలో పాత కాగితమో కావాలి.

సూది విషయానికి వస్తే నంబరు కంటే షటిల్ ఫోటోయే పని చేసింది. అందులో గుండ్రటి బాబిన్ కేసు లేదు. పడవ ఆకారంలో పొడవాటి షటిల్, దాని లోపల సన్నటి పొడుగు బాబిన్. మెల్లగా చక్రం తిప్పుతూ వీడియో తీయమన్నాను, షటిల్ ఊయలలా వంపుగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. పలక పొడవు స్కేలుతో కొలిస్తే పన్నెండు అంగుళాలు దాటి కాస్త. బాబిన్ చుట్టే చక్రం కింద పలక దగ్గర కాకుండా పైన, చేతి చక్రం పక్కన ఉంది. ఇవన్నీ కలిపితే సింగర్ 128. ఆ బాబిన్ చుట్టే చక్రం కిందకు ఉంటే 28 అయ్యేది. రెండూ చిన్న సైజువే, పెద్ద సైజువి 27, 127.

ఈ నాలుగూ పట్టే సూది ఏమిటో తెలుసా? 15×1. మన బజారులో ప్యాకెట్ మీద హెచ్ఏ×1 అని ఉంటుంది, రెండూ ఒకటే. కొన్ని ప్యాకెట్ల మీద 130/705 హెచ్ అని ఉంటుంది, అదీ అదే కొలత. నల్ల ఉషా మిషన్‌కి ఏ సూది కొంటారో అదే! బూతద్దం పెట్టి వెతికిన సూది పక్క వీధి కొట్టులోనే వేలాడుతోంది.

అపోహ: పాత సూది శాంపిల్ తీసుకెళ్తే చాలు.

మరి ఆ అమ్మాయికి కొట్లలో ఎందుకు లేదన్నారు? అమ్మమ్మ డబ్బాలోంచి ఒక సూది తీసి చూపించింది కాబట్టి. నాకు దాని ఫోటో పంపమంటే పంపింది, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి మరీ. సూది పైభాగం, మిషన్‌లో బిగించే కాడ, పూర్తిగా గుండ్రంగా ఉంది. అది డీబీ×1, ఫ్యాక్టరీల్లోనూ జూకీ లాంటి మిషన్లలోనూ వాడేది. ఇంటి మిషన్ సూది కాడకు ఒక పక్క చదునుగా కోసి ఉంటుంది. ఎప్పుడో ఎవరో మెకానిక్ చేతికందిన సూది బిగించి వెళ్లాడు, అదే డబ్బాలో శాంపిల్‌గా మిగిలింది. ఇంటి మిషన్ల సూదులు మాత్రమే అమ్మే కొట్టువాడు గుండ్రటి కాడ చూసి లేదన్నాడు, అతని తప్పేం లేదు. డబ్బాను బోర్లించి చూడమంటే అడుగున తుప్పు పట్టిన చదును కాడ సూది కూడా దొరికింది. మొదటినుంచీ వాడింది అదే అయి ఉంటుంది.

అపోహ: బిగించి నిలబడితే ఆ సూది సరిపోయినట్టే.

ఎక్కువ మిషన్లను పాడుచేసేది ఇదే. హెచ్ఏ×1 కాడ లావు 2 మిల్లీమీటర్లు, డీబీ×1 ది 1.62. స్క్రూ గట్టిగా తిప్పితే సన్న కాడ కూడా నిలబడుతుంది. కానీ సూది ఉండాల్సిన చోట ఉండదు, చదును లేదు కాబట్టి ఏ వైపుకు తిరిగి ఉందో కూడా మన చేతి వాటమే. కుట్టు పడాలంటే సూది కిందకు దిగి కాస్త పైకి లేచినప్పుడు దాని వెనక దారం చిన్న ఉచ్చులా ఉబుకుతుంది, షటిల్ మొన ఆ ఉచ్చులోంచే దూరి వెళ్లాలి. సూది వెంట్రుకవాసి జరిగినా మొన ఉచ్చును తప్పిపోతుంది. అప్పుడు రెండు కుట్లు పడి మూడోది వదిలేస్తుంది, దారం తెగుతుంది, మనం పై టెన్షన్ స్క్రూ తిప్పి తిప్పి మనకే టెన్షన్ తెచ్చుకుంటాం. అదే సూది షటిల్ వైపు జరిగితే టిక్కు టిక్కుమని చప్పుడు, షటిల్ మొన గరుకు తేలుతుంది. అమ్మమ్మ మిషన్ "ముసలిదైపోయి కుట్లు వదిలేస్తోంది" అని ఇంట్లో అనుకున్నారు. మిషన్‌కి ఏ రోగమూ లేదు.

కొత్త సూది ఎలా పెట్టాలో కూడా అడిగింది. చదును వైపు షటిల్‌కి ఎదురుగా ఉండాలి, రెండో వైపు పొడవునా ఉన్న గాడి బయటికి. సూదిని పైకి ఆగేదాకా తోసి అప్పుడు స్క్రూ బిగించాలి. దారం గాడి ఉన్న వైపునుంచే కన్నంలోకి ఎక్కించాలి. మామూలు నూలు బట్టకు 14 నంబరు, ప్యాకెట్ మీద 90 అని కూడా ఉంటుంది, అంటే 0.9 మిల్లీమీటర్ లావు. పల్చటి బట్టకు 11, మందానికి 16. ముందు చక్రం చేత్తో మెల్లగా తిప్పి, పై దారం కొస పట్టుకుని, కింది దారం పైకి వస్తుందో లేదో చూడాలి. ఏ చప్పుడూ లేకుండా వస్తే సరే. అమ్మమ్మే కూర్చుని తిప్పింది, వచ్చింది.

అపోహ: అయితే పాత మిషన్లన్నిటికీ హెచ్ఏ×1 పడుతుంది.

అలా కూడా కాదు. పలక చదరంగా కాకుండా ఫిడేలు ఆకారంలో నడుము సన్నబడి ఉండి, షటిల్ ఊగకుండా తిన్నగా అటూ ఇటూ జరిగితే అది ఇంకా పాత తరం, సింగర్ 12. 1865లో వచ్చిన డిజైన్. దానికి 12×1 అనే వేరే సూది, అది నిజంగానే అరుదు, పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర వెతుక్కోవాల్సిందే. అందుకే షటిల్ ఫోటో చూడకుండా నేను ఎవరికీ సూది చెప్పను.

అపోహ: పాత సింగర్‌లో ఎర్ర పాదరసం ఉంటుంది, లక్షలు వస్తాయి.

2009లో సౌదీలో పుట్టిన పుకారు ఇది. అక్కడ జనం ఎగబడి పాత మిషన్లు కొన్నారు, అంతా ఉత్తదే. కుట్టు మిషన్ లోపల ఇనుము, నూనె, పోగులు తప్ప ఏమీ ఉండవు. ఎవరైనా ఇంటికొచ్చి ఆ పాదరసం ఉందేమో సెల్‌ఫోన్ దగ్గర పెట్టి పరీక్షిస్తామంటే గుమ్మం దాటనివ్వకండి.

మిగిలింది బాబిన్. సూది సులువుగా దొరికింది కదా అని పొడుగు బాబిన్ కూడా అలాగే దొరుకుతుందనుకోవద్దు. గుండ్రటిది ఆ షటిల్‌లో పట్టదు. అమ్మాయికి చెప్పింది ఇదే: డబ్బాలో ఉన్న పొడుగు బాబిన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, వంగినవి వేరుచేసి, మంచివాటిలో ఒకటి ఖాళీగా దాచిపెట్టమని. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 27, 28, 127, 128 కి పట్టే పొడుగు బాబిన్ అని రాసి ఉందో లేదో చూసి కొనాలి, "సింగర్ బాబిన్" అని మాత్రమే ఉంటే వదిలేయాలి.